గల్ఫ్ ఉద్యోగానికి పని వివరాల కాగితం: పాఠం 3, పైపు వెల్డర్

పేరు, పాస్‌పోర్టు, చదువు పోయిన పాఠంలో రాసేశాం. ఇప్పుడు అసలు పని దగ్గరికి వద్దాం. జగిత్యాల వైపు నుంచి సౌదీ రిఫైనరీ పనికి పోవాలనుకుంటున్న ఒక పైపు వెల్డరు కాగితం తీసుకుందాం. అతను ఇలా రాసుకున్నాడనుకోండి: "వెల్డర్, 9 ఏళ్ల అనుభవం, అన్ని రకాల వెల్డింగులు వచ్చు."

ఈ కాగితం చదివేది ఆఫీసు గుమాస్తా ఒక్కడే కాదు, వెల్డింగు తెలిసిన సూపర్‌వైజరు కూడా. అతనికి మూడు సంగతులు కావాలి: ఏ పద్ధతి, పైపా ప్లేటా, ఏ పొజిషన్. "అన్నీ వచ్చు" అన్న మాటలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అందుకని మొదటి వరుస ఇలా మారుస్తాం: "పైపు వెల్డర్. రూట్ టిగ్‌తో, ఫిల్, క్యాప్ ఆర్క్‌తో. 6జీ పొజిషన్. కార్బన్ స్టీల్." 6జీ అంటే పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా చుట్టూ వెల్డింగు చేయడం. అది పాసైతేనే రాయండి. టెస్టులో మొదట పెట్టేది అదే.

టెస్టు ఏ సైజు పైపు మీద ఇచ్చారో కూడా పక్కనే ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే. రిఫైనరీల్లో ఎక్కువగా పాటించే అమెరికన్ కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం, 6 ఇంచుల పైపు మీద పాసైన వెల్డరుకు బయటి వ్యాసం 73 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న పైపుల గ్రూవ్ వెల్డింగుకే అర్హత వస్తుంది. 2 ఇంచుల పైపు బయటి వ్యాసం 60 మిల్లీమీటర్ల చిల్లర. అంటే ఆ సర్టిఫికెట్ దానికి చాలదు. అదే 2 ఇంచుల మీద పాసైతే పెద్ద పైపులకూ చెల్లుతుంది, మందం హద్దు మాత్రం వేరేగా చూస్తారు. కాబట్టి సర్టిఫికెట్ మీదున్న సైజు, మందం ఉన్నవున్నట్టు ఎక్కించండి.

ఇక ఏళ్లు. మనవాడి 9 ఏళ్లను విప్పి చూస్తే, 3 ఏళ్లు గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో, 2 ఏళ్లు షెడ్ల స్ట్రక్చర్ పనిలో, చివరి 4 ఏళ్లు రిఫైనరీ పైపుల మీద. పైపు వెల్డరుగా అనుభవం 4 ఏళ్లే, ఆ అంకే పైన రావాలి. మిగతా 5 ఏళ్లు దాచనక్కర్లేదు, కింద వేరే వరుసల్లో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ పని అని రాస్తే సరిపోతుంది. 9 ఏళ్ల పైపు వెల్డరునని చెప్పి, ఇంటర్వ్యూలో రూట్ గ్యాప్ ఎంత పెడతావంటే తడబడితే, నిజంగా చేసిన 4 ఏళ్లనూ ఎవరూ నమ్మరు.

చివరిసారి పైపు వెల్డింగు చేసిన నెల కూడా రాయండి. అదే కోడ్‌లో ఒక నిబంధన ఉంది: ఒక పద్ధతిలో 6 నెలలు వెల్డింగు చేయకపోతే ఆ పద్ధతిలో అర్హత పోతుంది, మళ్లీ టెస్టు ఇవ్వాలి. టిగ్, ఆర్క్ దేని లెక్క దానిదే. ఇంటికొచ్చి పది నెలలు వ్యవసాయం చూసుకున్నవాళ్లు ఆ ఖాళీని అలాగే చూపించి, "టెస్టుకు సిద్ధం" అని రాయడమే మేలు. పాస్‌పోర్టులోని ముద్రలు ఎలాగూ తేదీలు చెబుతాయి.

పనిముట్ల వరుస చిన్నదే. సొంతంగా సెట్ చేసి వాడగలిగినవే పెట్టండి: టిగ్ మెషీన్, ఆర్గన్ రెగ్యులేటరు, 4 ఇంచుల గ్రైండరు, 7018 రాడ్లను వేడిగా ఉంచే ఓవెన్, క్యాప్ ఎత్తు కొలిచే గేజి. పక్కవాడు వాడుతుంటే చూసినవి వద్దు.

సేఫ్టీ శిక్షణలో ప్రతిదానికీ నాలుగు వివరాలుండాలి: పేరు, ఇచ్చిన సంస్థ, తేదీ, గడువు. హాట్ వర్క్, ట్యాంకులు, వెసెళ్ల లోపల చేసే పని, ఎత్తు మీద పని, హెచ్2ఎస్ విషవాయువు జాగ్రత్తలు వెల్డరుకు ముఖ్యం. రోజూ పొద్దున సైట్లో జరిగే టూల్‌బాక్స్ టాక్ సర్టిఫికెట్ శిక్షణ కాదు, దాన్ని ఈ వరుసలో కలపకండి. దానికి బదులు చేసింది చెప్పండి: "హాట్ వర్క్ పర్మిట్ కింద 4 ఏళ్లు పనిచేశాను, ఫైర్ వాచ్ లేకుండా ఆర్క్ కొట్టలేదు." నిజమైతేనే సుమా. గడువు దాటిన సర్టిఫికెట్ ఉంటే పాత తేదీతోనే పెట్టండి. తేదీ దిద్దిన కాగితం దొరికితే మిగతా కాగితాలనూ అనుమానిస్తారు.

వచ్చే పాఠానికి ఒక పని. మీ ఏళ్లను తెల్లకాగితం మీద ఇలాగే విడగొట్టి, ఒక్కో ముక్క పక్కన దానికి రుజువేదో రాయండి: అనుభవ పత్రం, గేట్ పాస్, టెస్టు సర్టిఫికెట్. రుజువు లేని ముక్కల దగ్గర ఆ సైట్ ఫోర్‌మన్ ఫోన్ నంబరు, ఆయన ఒప్పుకుంటే, రాసి ఉంచండి. వాటిని ఎలా ఎక్కించాలో పాఠం 4లో చూద్దాం.