ఉల్లిపొర కణాల బొమ్మకు మార్కులు వేసే ముందు జాగ్రత్తలు

☐ ముందు పిల్లలు చూసి గీసిన స్లైడును మీరే మైక్రోస్కోపులో ఒకసారి చూడండి. ఒక కణం పొడవు వెడల్పుకు సుమారు ఎన్ని రెట్లుందో రాసుకోండి. పోల్చాల్సింది దీనితోనే, పాఠ్యపుస్తకం బొమ్మతో కాదు.

☐ నిష్పత్తిని స్కేలుతో కొలవండి. స్లైడులో పొడవు వెడల్పుకు 4 రెట్లు ఉందనుకుందాం. పిల్లవాడు 6 సెం.మీ. పొడవు, 1.5 సెం.మీ. వెడల్పు గీస్తే సరిపోయింది. 6 సెం.మీ.కి 4 సెం.మీ. గీస్తే అది ఇటుక కాదు, ఇడ్లీ! కేంద్రకం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు: కణం వెడల్పంతా నిండేలా, సరిగ్గా మధ్యలో పెడతారు. నిజానికి అది చిన్నది, చాలా కణాల్లో గోడ పక్కకు ఒదిగి కనిపిస్తుంది.

☐ హరితరేణువులు గీశారా? పొరలో అవి ఉండవు, కాబట్టి ఆకు కణం బొమ్మ చూసి దించారన్నమాట. మందమైన నల్ల అంచుతో గుండ్రంగా గీసింది గాలిబుడగ కావచ్చు. దానికి ‘కేంద్రకం’ అని రాస్తే మార్కు లేదు.

☐ కణత్వచం గుర్తించలేదని మార్కు తగ్గించకండి. బడి మైక్రోస్కోపులో అది కణకవచం నుంచి విడిగా కనిపించదు.

☐ గుర్తింపు గీత కొసను వేలితో వెంబడించండి. పెన్సిల్‌తో, స్కేలుతో గీసిన ఆ గీత భాగాన్ని తాకాలి. కణకవచం గీత లోపలి ఖాళీలో ఆగిపోతే అది కణద్రవ్యాన్ని చూపినట్టే. బాణం గుర్తులు, ఒకదాన్నొకటి దాటే గీతలు వద్దు.