పరీక్ష హాలుకు బయలుదేరే ముందు

స్మార్ట్ వాచీని ఇంట్లోనే వదిలేయండి. ఆపేసి ఉన్నా, చేతికి కనిపిస్తే చాలా పరీక్షల్లో అక్రమం కిందే లెక్క. రాసిన పేపరే రద్దు కావచ్చు. కొన్నిచోట్ల ముళ్ల వాచీ కూడా వద్దంటారు. ఒక్కొక్కటీ పరిశీలించే తీరిక ఎవరికి?

కాలిక్యులేటర్ సంగతి హాల్ టికెట్ సూచనల్లో చూడండి. చేతిలెక్కనే పరీక్షించే చోట అసలు అనుమతించరు. లెక్క ఒక మెట్టు మాత్రమే అయితే సైంటిఫిక్ రకాన్ని ఒప్పుకుంటారు. సూత్రాలు దాచుకునే రకంతోనే పేచీ.

తీసుకెళ్లేదానిలో sin 30 నొక్కండి. 0.5 రావాలి. -0.988 వస్తే రేడియన్లలో ఉన్నట్టు.

చెరిపేయగల ఇంకు పెన్ను వద్దు. వేడి తగిలితే రాత మాయమవుతుంది.

జామెట్రీ బాక్సు మూత లోపల సూత్రాలు అచ్చువేసి ఉంటే అందులోని పరికరాలను పారదర్శక పౌచ్‌లోకి మార్చండి.