యూనిట్ మూసేశాక విడతలుగా వచ్చే డబ్బు: పంపకం ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ మూసేస్తే ఆస్తులన్నీ ఒకేరోజు అమ్ముడుపోవు. ముందు స్లాబులు పోతాయి, తర్వాత మెషిన్లు, క్రేన్, చివరికి షెడ్డు. పంపకంలో తేడా వచ్చేది ఈ మధ్యకాలంలోనే. ఒక లెక్క తీసుకుందాం. అన్న, తమ్ముడు, బావ ముగ్గురూ లాభనష్టాలకు సమాన భాగస్తులు. మూలధనం అన్నది 10 లక్షలు, తమ్ముడిది 6, బావది 2. తమ్ముడు విడిగా సంస్థకు 3 లక్షలు అప్పిచ్చాడు. బయటివాళ్ళకు 5 లక్షలు బాకీ. చేతిలో నగదు లేదు, ఆస్తులు పుస్తకం విలువ ప్రకారం 26 లక్షలు.

సమస్య: చివరి విడత వచ్చాక ఒక భాగస్వామి డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తోంది

కారణం ఒక్కటే. వచ్చిన డబ్బును ఎప్పటికప్పుడు లాభం పంచుకున్నట్టు సమానంగా పంచేశారు. నాలుగు విడతల్లో 6, 6, 6, 5 లక్షలు వచ్చాయనుకోండి. మొత్తం 23 లక్షలు, నష్టం 3 లక్షలు, ఒక్కొక్కరికి లక్ష. అంటే బావకు చివరికి రావాల్సింది లక్షే. కానీ మూడో విడత అయ్యేసరికే మూలధనం కింద పంచిన 10 లక్షల్లో మూడో వంతు, అంటే 3,33,333 ఆయన తీసుకున్నాడు. ఇక 2,33,333 వెనక్కి ఇవ్వాలి. ఆ డబ్బు అప్పటికే ఇంటి ఖర్చులోనో పొలంలోనో కలిసిపోయి ఉంటుంది. బంధువుల మధ్య మాటలు ఆగిపోయేది ఇక్కడే.

మూలధనాల నిష్పత్తిలో పంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అదీ తప్పే. 10 లక్షలను 10:6:2 ప్రకారం పంచితే బావకు 1,11,111 వెళ్తుంది, ఇంకా 11,111 ఎక్కువే. మూలధనాలు వేర్వేరుగా ఉన్నా ఇక్కడ నష్టం మాత్రం అందరికీ సమానంగా పడుతుంది, కాబట్టి చిన్న మూలధనం త్వరగా తరిగిపోతుంది.

సరైన దారి

1932 భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్ వరుస చెబుతుంది: ముందు బయటి అప్పులు, తర్వాత భాగస్వాములు ఇచ్చిన అప్పులు, తర్వాత మూలధనం, ఇంకా మిగిలితే లాభం. అమ్మకం ఖర్చులకు కావలసింది మాత్రం మొదటి విడతలోనే పక్కన పెట్టుకోవాలి.

మొదటి 6 లక్షల్లో 5 బయటి బాకీలకు, 1 తమ్ముడి అప్పుకు. రెండో విడతలో అతని అప్పు తాలూకు మిగతా 2 తీర్చాక 4 లక్షలు మిగులుతాయి. ఇక్కడ ఆగి, ముగ్గురి మూలధనాలను పక్కపక్కన పెట్టి చూడండి. తమ్ముడిదానికన్నా అన్నది 4 లక్షలు ఎక్కువ. ఆ 4 అన్నకే ఇస్తే అతనిదీ తమ్ముడిదీ 6 దగ్గర సమానమవుతాయి. మూడో విడత 6 లక్షలు ఇద్దరికీ చెరి 3. ఇప్పుడు నిల్వలు 3, 3, 2. చివరి 5 లక్షల్లో వాళ్ళిద్దరికీ లక్ష చొప్పున ఇస్తే ముగ్గురూ 2 దగ్గరికి వస్తారు, మిగతా 3 అందరికీ లక్ష చొప్పున. ప్రతి ఖాతాలో లక్ష మిగిలింది, అదే నష్టం. ఎవరూ పైసా వెనక్కి ఇవ్వక్కర్లేదు.

ప్రతిసారీ మిగిలిన ఆస్తికి ఏమీ రాదనుకుని లెక్కించే గరిష్ఠ నష్టం పద్ధతి కూడా ఉంది. 1904 నాటి గార్నర్, మర్రే కేసు నియమం ప్రకారం, ఆ నష్టంలో తన మూలధనానికి మించి బావ మీద పడే లోటును మిగతా ఇద్దరి మీద మూలధనాల నిష్పత్తిలో వేస్తే, రెండో విడతలో అన్నకు 3,66,667, తమ్ముడికి 33,333 వస్తాయి. చివరి మొత్తాలు మాత్రం ఇవే. ఏ పద్ధతో మొదటి పంపకానికి ముందే ముగ్గురూ సంతకం పెట్టుకుంటే మంచిది, మధ్యలో మార్చకూడదు.

ఇప్పటికే ఎక్కువ తీసుకుని ఉంటే

వెనక్కి అడిగే ముందు లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయండి. రెండో విడతలోని 4 లక్షలను మూలధనాల ప్రకారం పంచి బావకు 44,444 ఇచ్చేశారనుకుందాం. మూడో విడతలో ఆయనకు ఏమీ ఇవ్వకుండా మిగతా ఇద్దరికీ ఇవ్వండి, ఇంకా తక్కువైనది నాలుగో విడతలో ముందుగా పూరించండి. చివరికి బావకు 55,556 వస్తుంది, లెక్క కుదురుతుంది. ఇలా సర్దడం వీలయ్యేది అమ్మాల్సిన ఆస్తి ఇంకా ఉన్నంతవరకే.

సమస్య: రియలైజేషన్ ఖాతాలో నష్టం 3 లక్షలు రావాల్సిన చోట 3 లక్షల లాభం కనబడుతోంది

రియలైజేషన్ ఖాతా అంటే మూసివేతలో ఆస్తులు అమ్మి, బాకీలు తీర్చగా వచ్చిన లాభనష్టాన్ని తేల్చే ఖాతా. తమ్ముడి అప్పు 3 లక్షలను కూడా బయటి బాకీలతో కలిపి దాని క్రెడిట్‌కు తీసుకెళ్ళి, తీర్చినప్పుడు డెబిట్‌లో రాయకుండా వదిలేసి ఉంటారు. ఒక్క ఎంట్రీ 3 లక్షలు ఎక్కువ చూపిస్తే చాలు, నష్టం మాయమై సున్నా అవుతుంది. అది కాక బయటి 5 లక్షలను క్రెడిట్ చేసి, తీర్చినప్పుడు డెబిట్‌లో 2 మాత్రమే రాసి ఉంటే, అక్కడ ఇంకో 3 లక్షల తేడా, దాంతో ఆ సున్నా 3 లక్షల లాభంగా మారుతుంది. రెండూ వెతకండి. భాగస్వామి అప్పుకు విడిగా ఖాతా ఉండాలి, తీర్చినప్పుడు నగదు ఖాతాకు నేరుగా రాయాలి. నగదు తప్ప ఆస్తులు డెబిట్‌లో, బయటి బాకీలు క్రెడిట్‌లో, పుస్తకం విలువకే. నష్టాన్ని మూలధన ఖాతాలకు చివరి ఆస్తి అమ్మాకే మార్చండి.