జీనర్ నాయిస్‌లోని మొగ్గును హాష్‌తో తొలగించిన నా అనుభవం

నల్లగొండలోని మా ఇంట్లో యాదృచ్ఛిక కీ తయారుచేయడానికి జీనర్ డయోడ్ నాయిస్ నుండి తీసిన బిట్లలో 1లు దాదాపు 60 శాతం వచ్చేవి, ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ మొగ్గు ఇంకా పెరిగేది. థ్రెషోల్డ్ సర్దినా నిలవలేదు; పక్కపక్క బిట్లకు పరస్పర సంబంధం ఉండటంతో, బిట్లను జంటలుగా తీసుకొని మొగ్గును తొలగించే ఫాన్ నాయ్‌మన్ పద్ధతీ ఫలించలేదు.

చివరికి పది లక్షల ముడి బిట్లను, బైటుకు ఒక్క బిట్టు చొప్పున, ఫైలులో రాసి, ఎంట్రోపీని అంచనా వేసే NIST సాధనంతో పరీక్షించాను:

```
ea_non_iid raw.bin 1
```

బిట్టుకు మిన్-ఎంట్రోపీ, అంటే ఊహకు అందని సమాచారం, కనీసం సుమారు 0.4 బిట్టు అని తేలింది. 256 బిట్ల ఫలితానికి భద్రత కోసం మరో 64 కలిపి 320 బిట్ల ఎంట్రోపీ కావాలి కనుక కనీసం 800 ముడి బిట్లు అవసరం. నేను 1024 తీసుకొని, బైటుకు ఎనిమిది చొప్పున 128 బైట్ల raw గా కూర్చి హాష్ చేశాను:

```
key = hashlib.sha256(raw).digest()
```

అయితే హాష్ ఎంట్రోపీని సృష్టించదు. డయోడ్ తీగ ఊడి అన్నీ సున్నాలే వచ్చినా ఫలితం యాదృచ్ఛికంగానే కనిపిస్తుంది. అందుకే ఒకే బిట్టు అదే పనిగా పునరావృతమైతే ఆపివేసే తనిఖీని హాష్‌కు ముందే, ముడి బిట్ల మీదే పెట్టాను.

0.4 నా సర్క్యూట్‌కు మాత్రమే వర్తించే అంచనా. మీ సర్క్యూట్‌ను మీరే, వీలైతే మిట్టమధ్యాహ్నం ఎండవేళలో కూడా, కొలుచుకోవాలి.