ధర దగ్గరే బేరం ఆగిపోతున్న డిజైనర్‌కు ఒక దారి: ఆహార లేబుళ్ల పని

సమస్య: వచ్చే ప్రతి ఫోనూ "లోగోకు ఎంత తీసుకుంటారు?" అని మొదలై అక్కడే ముగుస్తోంది

కారణం: లోగోలు, బ్రోచర్లు, సోషల్ మీడియా పోస్టర్లు అన్నీ చేస్తామని చెప్పే డిజైనర్లు వందల మంది ఉన్నప్పుడు, వారి పనిలో తేడా ఏమిటో కొనేవారికి కనిపించదు. కనిపించే తేడా ధర ఒక్కటే కాబట్టి, వారు దాన్ని బట్టే ఎంచుకుంటారు. అసలు కారణం ఇంకా లోతుగా ఉంది. లోగో అంతంతమాత్రంగా వచ్చినా ఆ వ్యాపారికి మరునాడు పైసా నష్టం రాదు. తప్పు జరిగినా నష్టం కనిపించని పనికి ఎక్కువ డబ్బు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు.

పరిష్కారం: తప్పు జరిగితే కొనేవారికి వెంటనే డబ్బు నష్టం వచ్చే పనినీ, ఒకసారి చేసినవారి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వచ్చే పనినీ వెతకాలి. పచ్చళ్లు, కారప్పొడులు, పిండివంటలు తయారుచేసి అమ్మే చిన్న సంస్థల లేబుళ్ల పనిలో ఈ రెండు గుణాలూ ఉన్నాయి. లేబుల్ తప్పుగా అచ్చయితే ముద్రించిన రోల్ అంతా వృథా అవుతుంది, సూపర్ మార్కెట్ సరుకు తీసుకోదు, తనిఖీలో జరిమానా పడవచ్చు. కొత్త రుచి వచ్చినా, కొత్త బరువులో ప్యాక్ పెట్టినా మరో లేబుల్ కావాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి తయారీదారులు ఊరూరా ఉన్నారు కాబట్టి ఈ ఒక్క విభాగాన్నే ఇక్కడ వివరంగా తీసుకుంటున్నాను.

సమస్య: లేబుళ్లు చేస్తామని ప్రకటించినా ధర పెరగలేదు

కారణం: చూపించిన నమూనాల్లో అందం మాత్రమే ఉంది. అందమైన లేబుల్ చేయగలవారు చాలామంది ఉంటారు. లేబుల్‌పై ఏది, ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో తెలిసినవారు తక్కువ. తయారీదారు డబ్బు ఇచ్చేది ఆ రెండో తెలివికే.

పరిష్కారం: రెండు నియమావళులను స్వయంగా చదవాలి. ఒకటి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఎ.ఐ. 2020లో తెచ్చిన లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనలు. రెండోది ప్యాక్ చేసి అమ్మే సరుకుల తూకం, ధర వివరాలకు సంబంధించిన 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు. ఈ రెండింటికీ తర్వాత సవరణలు వచ్చాయి కనుక తాజా ప్రతులనే తీసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక తయారీదారు దగ్గర ఆవకాయ, గోంగూర, రొయ్యల పచ్చడి ఉన్నాయనీ, ఒక్కొక్కటి 250 గ్రాములు, 500 గ్రాముల సీసాల్లో అమ్ముతారనీ అనుకుందాం. రొయ్యల పచ్చడి లేబుల్‌పై మాంసాహార గుర్తు గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రిభుజంగా ఉండాలి. పాత లేబుళ్లలో కనిపించే గుండ్రటి గుర్తును కాపీ చేస్తే అది తప్పు. రొయ్యలు అలర్జీ కలిగించే పదార్థాల జాబితాలో ఉన్నాయి కనుక ఆ విషయమూ విడిగా ప్రకటించాలి. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాయాలి. 250 గ్రాముల సీసా ఎం.ఆర్‌.పి. 150 రూపాయలైతే గ్రాముకు 60 పైసలన్న యూనిట్ ధర కూడా ఉండాలి. 500 గ్రాముల సీసాకు ఆ లెక్క మళ్ళీ వేయాలి, ఎందుకంటే పెద్ద సీసా ధర సాధారణంగా సరిగ్గా రెట్టింపు ఉండదు.

బార్‌కోడ్ దగ్గర జరిగే తప్పులు కొట్టులో బిల్లు వేసేటప్పుడు గానీ బయటపడవు. సరుకులపై ఉండే 13 అంకెల ఈ.ఏ.ఎన్‌.-13 బార్‌కోడ్ పూర్తి సైజు, రెండు పక్కల ఖాళీతో కలిపి, 37.29 మిల్లీమీటర్ల వెడల్పు. దాన్ని 80 శాతం వరకు తగ్గించవచ్చు, అంతకంటే కుదించకూడదు. పక్కల ఖాళీలోకి అక్షరాలు గానీ బొమ్మ గానీ చొరబడకూడదు. స్కానర్ ఎర్రని వెలుగుతో చదువుతుంది కాబట్టి ఎర్రని గీతలు దానికి కనిపించవు. మన పచ్చడి లేబుళ్లలో ఎరుపు ఎక్కువ గనుక ఇది తరచుగా జరిగే పొరపాటు. సన్నటి సీసాపై గీతలను నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంచితే వంపు వల్ల ఇబ్బంది రాదు.

ఈ తయారీదారు విదేశాల్లోని తెలుగువారికి సరుకు పంపాలనుకుంటే పని విలువ ఇంకా పెరుగుతుంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తప్పక ప్రకటించవలసిన అలర్జీ పదార్థాల్లో చేరాయి. కెనడా, బ్రిటన్ జాబితాల్లో నువ్వులతో పాటు ఆవాలూ ఉన్నాయి. నువ్వుల నూనె, ఆవపిండి లేకుండా ఆవకాయ ఎక్కడుంది? దేశంలో చెల్లే లేబుల్‌నే ఓడ ఎక్కిస్తే అక్కడ సరుకు ఆగిపోయే ప్రమాదం ఉందని ముందుగా చెప్పగల డిజైనర్‌తో తయారీదారు గీసి గీసి బేరమాడరు.

సమస్య: తెలివి ఉంది, కానీ తయారీదారులు తారసపడడం లేదు

కారణం సాధారణంగా ఒక్కటే: ఫ్రీలాన్స్ సైట్లలో ఎదురుచూడటం. ఈ తయారీదారులు అక్కడ వెతకరు, ప్రింటర్‌ను అడుగుతారు. కనుక హైదరాబాద్, విజయవాడల్లోని లేబుల్, పౌచ్ ముద్రణ యూనిట్లను కలవాలి. తప్పుడు ఫైళ్లతో విసిగిపోయిన ప్రింటర్, సరైన కటింగ్ గీతతో, వెండిరంగు పౌచ్‌కు కింద వేయవలసిన తెల్లరంగు పొరతో ఫైలు పంపే డిజైనర్ పేరును తానే నలుగురికి చెబుతారు. దీనితో పాటు, దగ్గరి సూపర్ మార్కెట్‌లోని చిన్న బ్రాండ్ల లేబుళ్లను పరిశీలించి, తప్పు కనిపించిన ఒక్కొక్క తయారీదారుకు ఆ తప్పు ఏమిటో, ఏ నిబంధన ప్రకారం తప్పో ఒక పేజీలో మర్యాదగా రాసి పంపవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకంటే మంచి పరిచయపత్రం ఉండదని నా నమ్మకం.

సమస్య: తయారీదారులు వచ్చారు, అయినా "ఒక లేబుల్‌కు ఎంత?" అనే అడుగుతున్నారు

కారణం: ధరల పట్టికను డిజైనరే లేబుళ్ల లెక్కన ఇచ్చారు. ఒక్కో లేబుల్‌కు 2,000 రూపాయలంటే, 1,500కు చేసేవారు ఎప్పుడూ దొరుకుతారు.

పరిష్కారం: పనిని మూడు భాగాలుగా విడదీసి కొటేషన్ ఇవ్వాలి. పై ఉదాహరణలో మొత్తం ఆరు లేబుళ్లు. బ్రాండ్ రూపం, మొదటి లేబుల్, నిబంధనల పరిశీలన కలిపి 25,000 రూపాయలు, అదే చట్రంలో మిగిలిన ఐదు లేబుళ్లకు ఒక్కొక్కటి 3,000 చొప్పున 15,000, ముద్రణ ప్రూఫ్ పరిశీలనకు 5,000, మొత్తం 45,000. ఈ అంకెలు నమూనా మాత్రమే. ఎంత అడగవచ్చో తెలియాలంటే, ఒక ముద్రణ వృథా అయితే ఎంత పోతుందో ప్రింటర్‌నే అడగాలి. పెద్ద సంఖ్యలో అచ్చువేసే గ్రేవ్యూర్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక సిలిండర్ చెక్కాలి కాబట్టి ఆ నష్టం పెద్దది, అక్కడ ఈ కొటేషన్ నిలుస్తుంది. కొద్ది సంఖ్యలో డిజిటల్ స్టిక్కర్లు వేయించుకునే ఇంటి వ్యాపారానికి ఇంత ధర తగదు. వారికి సిద్ధంగా ఉన్న చట్రంలో వివరాలు మార్చి తక్కువకే ఇవ్వడం న్యాయం.

సమస్య: లేబుల్‌లో తప్పు వచ్చింది, బాధ్యత డిజైనర్ మీద పడింది

కారణం: పోషక విలువలు, నిల్వ కాలం, లైసెన్స్ సంఖ్య వంటి వాస్తవాలను ఎవరు ఇచ్చారో రాతలో లేదు. తయారీదారు ఫోన్‌లో చెప్పిన అంకెను డిజైనర్ లేబుల్‌పై పెట్టేశారు.

పరిష్కారం: పోషక విలువలను డిజైనర్ ఎన్నడూ ఊహించి వేయకూడదు, ప్రయోగశాల నివేదికో, ఆహార సలహాదారు ఇచ్చిన లెక్కో కాగితంపై రావాలి. పని మొదలుకాకముందే ఒక ఫారం పంపి, 14 అంకెల లైసెన్స్ సంఖ్య, పదార్థాల జాబితా, నికర బరువు, నిల్వ కాలం, చిరునామా, వినియోగదారుల ఫిర్యాదుల ఫోన్ నంబర్ అందులో రాయించుకోవాలి. ముద్రణకు వెళ్లే చివరి ప్రూఫ్‌పై తయారీదారు సంతకం తీసుకోవాలి. విదేశీ లేబుల్ అయితే ఆ దేశపు దిగుమతిదారు కూడా చూసి ఆమోదించిన తర్వాతే ఫైలును ప్రింటర్‌కు పంపాలి, ఆ ఆమోదపు ఈమెయిల్‌ను అదే ఫోల్డర్‌లో దాచుకోవాలి.