గడ్డం లోపలికి లాగే వ్యాయామం చేస్తున్నా మెడ వెనక్కి రావట్లేదా? వీపు చూడండి

నెల్లూరులో నా దగ్గరికి ఫోన్ మెడతో, అంటే ఫోన్ మీదికి వంగి వంగి మెడ ముందుకు జరిగిపోయి, వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒక వ్యాయామం చేస్తూ వస్తారు. గడ్డం లోపలికి లాగడం వాళ్లకు తెలుసు, భుజాలు వెనక్కి తిప్పడం తెలుసు. కాబట్టి అవి మొదటినుంచి నేర్పను. ఇన్ని చేసినా మెడ ఎందుకు కదలట్లేదో, ఆ ఒక్క సంగతే చెబుతాను.

లక్షణం

పక్కనుంచి ఎవరితోనైనా ఒక ఫొటో తీయించుకోండి. చెవి భుజానికి సూటిగా పైన ఉండాలి, మీకు మాత్రం ముందుకు జరిగి ఉంటుంది. చేతులు వదులుగా వేలాడదీసి నిలబడితే అరచేతులు తొడల వైపు కాకుండా వెనక్కి తిరిగి ఉంటాయి. మెడ, వీపు కలిసేచోట చిన్న గుబ్బలాగా కనబడుతుంది. సాయంత్రానికి ఆ గుబ్బ చుట్టూ పట్టేస్తుంది, కొందరికి తల వెనక భాగంలో నొప్పి కూడా వస్తుంది.

అందరూ వదిలేసే మొదటి పరీక్ష

ముందుగా ఫోన్ ఎక్కడ పెట్టుకుంటున్నారో చూడండి. ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే ఏ వ్యాయామమూ నిలబడదు. తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. గంటల తరబడి దాన్ని ముందుకు వేలాడదీసి, రాత్రి పది నిమిషాలు వెనక్కి లాగితే లెక్క సరిపోదు. ఒళ్లో దిండు పెట్టుకుని, దానిమీద మోచేతులు ఆనించి, ఫోన్‌ను ఛాతీ పైదాకా తెచ్చుకోండి. పడుకుని రెండు దిండ్ల మీద తల ఎత్తిపెట్టి చూసే అలవాటుంటే అది మానండి. ఇంతవరకు సరిచేయకుండా కింద రాసినవి మొదలుపెట్టొద్దు.

తర్వాత గోడ పరీక్ష. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు, అయినా చేసి వచ్చినవాళ్లు నాకు దాదాపు కనబడరు. మడమలు గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి నిలబడండి. పిరుదులు, వీపు గోడకు ఆనించండి. చూపు సూటిగా, గడ్డం ఎత్తకుండా. ఇప్పుడు తల వెనక భాగం గోడకు తగులుతోందా?

హాయిగా తగిలితే మీది అలవాటు, కండరాల బలహీనత. మీరు చేస్తున్న మెడ వ్యాయామమే చాలు, ఓపిగ్గా కొనసాగించండి. తగలకపోతే, లేదా గడ్డం పైకెత్తితేనో నడుం గోడనుంచి బాగా లేస్తేనో తప్ప తగలకపోతే, తలకూ గోడకూ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసి రాసుకోండి. మీకోసమే ఈ మిగతాదంతా.

అసలు దోషి: పట్టేసిన పై వీపు

దీనితో నేనూ దెబ్బతిన్నాను. ప్రాక్టీసు మొదటి ఏళ్లలో మెడ ముందుకొచ్చిందని వచ్చిన ప్రతివాళ్లకూ మెడ వ్యాయామమే రాసిచ్చేవాణ్ని. కొందరు నెల తర్వాత నొప్పి పెరిగి తిరిగొచ్చారు. వాళ్లు సరిగా చేయలేదనుకున్నాను. చేసింది సరిగానే. నేనే చోటు తప్పు చూశాను.

మెడ ఎముకలు ఏడు, అవి కూర్చున్నది పై వీపు ఎముకల మీద. రోజూ వంగి కూర్చుంటే ఆ వీపు వంగినచోటే గట్టిపడుతుంది, వెనక్కి విచ్చుకోవడం తగ్గిపోతుంది. పందిరి గుంజ మొదట్లో ముందుకు ఒరిగి ఉంటే పైకొసను ఎంత వెనక్కి లాగినా గుంజ నిలువు కాదు, మధ్యలో వంపు తిరుగుతుంది. మెడలోనూ అదే జరుగుతుంది. వీపు కదలనప్పుడు గడ్డం గట్టిగా లాగితే ఆ బలమంతా గుబ్బ దగ్గరి కీళ్ల మీద, తల కింది చిన్న కండరాల మీద పడుతుంది. అందుకే నొప్పి పెరుగుతుంది.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో పనిచేసే ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఇరవై ఏడేళ్లు. బస్తాల పక్కన కుర్చీలో కూర్చుని, బయటి ఊళ్ల వ్యాపారులకు ఫోన్లో ధరలు పంపడం, కాయల ఫొటోలు పెట్టడం, రోజుకు ఆరేడు గంటలు ఇదే పని. "వీడియోలో చూపించినట్టే చేస్తా ఉండా సార్, రోజుకి వంద సార్లు గడ్డం లాగతా ఉండా. మూడు వారాలైంది. మెడ ఇంకా పట్టేస్తా ఉంది, తల వెనకాల కూడా నొప్పి మొదలైంది" అన్నాడు.

గోడకు నిలబెడితే తల వెనక నాలుగు వేళ్లు పట్టాయి. అప్పుడు చాప మీద పడుకోబెట్టి, చుట్టిన టవల్‌ను వీపు కింద అడ్డంగా పెట్టి, రెండు చోట్ల చెరో నిమిషం ఉంచాను. లేపి మళ్లీ గోడకు నిలబెడితే రెండున్నర వేళ్లే పట్టాయి. మెడను నేను ముట్టుకోనేలేదు. వీపు కాస్త వదులైనందుకే తల వెనక్కి వచ్చింది. ఈ తేడా మీకూ కనబడితే అడ్డు వీపులోనే ఉందని తేలినట్టే. కొలత ఏమీ మారకపోతే ఒక వారం చేసి చూడండి, బాగా గట్టిపడిన వీపు మొదటిరోజే లొంగదు.

అతనికి చెప్పిన మొదటి మాట, గడ్డం లాగడం రెండు వారాలు ఆపేయమని. నమ్మలేదు. "అదే కదా సార్ అసలు మందు" అన్నాడు. మందే, కానీ దాని వంతు తర్వాత వస్తుందని చెప్పాను.

ఏం చేయాలి, ఏ వరుసలో

టవల్ చుట్ట: పెద్ద టవల్‌ను పొడవునా సగానికి మడిచి గట్టిగా చుట్టండి. పిడికిలి మందం చాలు, మొదటివారం అంతకన్నా పలుచగా ఉన్నా మంచిదే. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, చుట్టను రెక్క ఎముకల కింది కొసల దగ్గర అడ్డంగా ఉంచండి. చేతివేళ్లు అల్లి తల వెనక పెట్టుకుని తల బరువు చేతులకివ్వండి, తలను వేలాడనివ్వొద్దు. ఊపిరి నిదానంగా వదులుతూ చుట్ట మీదుగా వీపును వెనక్కి విచ్చుకోనివ్వండి. ఐదు ఊపిరులు. తర్వాత చుట్ట ఒక అంగుళం పైకి వచ్చేలా కిందికి జరగండి. ఇలా మూడు చోట్ల, రోజుకు రెండు పూటలు. మెడ కింద పెట్టొద్దు, నడుం కింద పెట్టొద్దు.

ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. వీపు విచ్చుకోకపోతే శరీరం దొంగదారి వెతుకుతుంది. నడుం విల్లులా లేస్తుంది, కింది పక్కటెముకలు పైకి పొడుచుకొస్తాయి. చూడ్డానికి బాగా వంగినట్టే ఉంటుంది, పట్టేసిన చోటు మాత్రం కదలదు. పిరుదులు నేలను వదలకూడదు, నడుం నేలకు దగ్గరగానే ఉండాలి. అది కుదరకపోతే చుట్ట లావైందని అర్థం. రెక్క ఎముకల మధ్య మొద్దుగా సాగినట్టుంటే సరైన చోటే. సూదిలా గుచ్చినా, చేతుల్లోకి తిమ్మిరి పాకినా ఆపేయండి.

పనిచేసే చోట టవల్ పరచలేరు కదా, అక్కడ కుర్చీ ఉంది. వీపు మధ్యకు అంచు వచ్చే కుర్చీని గోడకు ఆనించి పెట్టి, చేతులు తల వెనక ఉంచి, ఊపిరి వదులుతూ ఆ అంచు మీదుగా ఎనిమిది సార్లు వెనక్కి వాలండి. గంటకోసారి. పొదలకూరు అబ్బాయికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే అతను నిజంగా చేసింది దీన్నే.

తలుపు దగ్గర ఛాతీ సాగదీయడం: భుజాలను ముందుకు లాగిపెట్టేది ఛాతీ కింద దాగిన ఒక చిన్న కండరం. మూడో పక్కటెముకనుంచి ఐదోదాకా మొదలై రెక్క ఎముక ముందు కొసకు అంటుకుని ఉంటుంది. ముంజేతిని తలుపు చట్రానికి ఆనించి, మోచేయి భుజం కన్నా కొంచెం పైన ఉంచి, ఒక అడుగు ముందుకు వేయండి. ముప్పై సెకన్లు, ఒక్కో వైపు మూడుసార్లు. సాగడం ఛాతీలో తెలియాలి. భుజం కీలు ముందు భాగంలో నొప్పి వస్తే మోచేయి కిందికి దించండి.

బలం: వదులు చేసిన వీపును పట్టి ఉంచే కండరం లేకపోతే వారంలో మళ్లీ వంగుతుంది. బోర్లా పడుకుని, నుదుటి కింద మడిచిన టవల్ పెట్టి, మోచేతులు మడిచి చేతులను తలకు అటూ ఇటూ ఉంచండి. ముందు రెక్క ఎముకలను నడుం వైపు కిందికి లాగండి, ఆ తర్వాత చేతులను నేలనుంచి రెండంగుళాలు ఎత్తి మూడు సెకన్లు ఆపండి. పదిసార్లు, రెండు విడతలు. భుజాలు చెవుల వైపు లేస్తుంటే మెడ కండరాలే పనిచేస్తున్నాయన్నమాట, చేతులు తక్కువ ఎత్తండి. సులువైపోయాక చేతులు ముందుకు చాచి, బొటనవేళ్లు పైకి పెట్టి చేయండి.

ఇక గడ్డం. రెండు వారాల తర్వాత, అదీ పడుకునే. తల కింద పలుచని టవల్ మడత ఉంచి, తలను ఎత్తకుండా, ఔనన్నట్టు కొద్దిగా గడ్డం దించుతూ మెడ వెనక భాగాన్ని పొడవు చేయండి. ఐదు సెకన్లు, పదిసార్లు. సగం బలం కూడా వద్దు. మెడ ముందు రెండు పక్కలా తాళ్లలాంటి కండరాలు గట్టిగా లేస్తే మీరు అతిగా చేస్తున్నట్టే. వంద అక్కర్లేదు.

అరుదైనవి

చేతిలో తిమ్మిరి, పట్టు తప్పడం, నడకలో తూలడం, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చే మెడ నొప్పి: వీటికి వ్యాయామం కాదు, డాక్టరు. కుర్రవాళ్లకు పొద్దున్నే వీపు గంటసేపు బిగుసుకుపోయి తిరిగితే సర్దుకుంటుంటే వాతవ్యాధుల నిపుణుడిని కలవాలి. ఎత్తు తగ్గుతూ వీపు వంగుతున్న పెద్దవాళ్లకు ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా టవల్ చుట్ట మీద పడుకోబెట్టొద్దు. నలభై దాటినవాళ్లు ఒకసారి కళ్లు చూపించుకోండి, అక్షరాలు ఆనక తల ముందుకు పెట్టేవాళ్లుంటారు.

ఎప్పటికి తెలుస్తుంది

వారానికోసారి, అదే గోడ దగ్గర, పొద్దున పూట వేళ్లతో కొలవండి. పొదలకూరు అబ్బాయికి రెండు వారాలకు నాలుగు వేళ్లు మూడయ్యాయి, తలనొప్పి అప్పటికే తగ్గుముఖం పట్టింది. ఆరు వారాలకు పొద్దున తల గోడకు తగిలింది. సాయంత్రం మార్కెట్ ముగిశాక మాత్రం ఇప్పటికీ ఒక వేలు సందు ఉంటుంది, ఇంటికెళ్లి టవల్ చుట్ట మీద పడుకుంటే పోతుంది. ఆ పని చేసినన్నాళ్లూ అంతే ఉంటుందని అతనికి చెప్పాను. ఆరు వారాలు వరుస తప్పకుండా చేసినా ఒక్క వేలు కూడా తగ్గకపోతే ఇంట్లో ఇంకా లాగుతూ కూర్చోవద్దు, ఫిజియో దగ్గర చేత్తో వీపు కీళ్లు ఒక్కొక్కటీ చూపించుకోండి.