ఒక్క ముక్క రాయకుండా లింక్ మాత్రమే వస్తే

కొత్త నంబర్ నుంచి లింక్ వస్తే చాలామంది జాగ్రత్తగానే ఉంటారు. చిక్కంతా తెలిసినవాళ్ల పేరుతో వచ్చే లింక్‌తోనే. ఎప్పుడూ పలకరించి కబుర్లు మొదలుపెట్టే స్నేహితుడు ఈసారి ఏమీ రాయకుండా లింక్ ఒక్కటే పంపితే, పంపింది అతనేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అకౌంట్ కాజేసినవాళ్లు కాంటాక్టుల్లో ఉన్న అందరికీ ఇలాగే ఒకే లింక్ పంపుతుంటారు.

అదే చాట్‌లో "ఇది నువ్వే పంపావా?" అని అడిగితే లాభం లేదు. అకౌంట్ వేరేవాళ్ల చేతిలో ఉంటే "అవును, చూడు" అని జవాబిచ్చేదీ వాళ్లే. ఫోన్ చేసి అడగండి. అతనే పంపి ఉంటే ఎందుకు పంపాడో వెంటనే చెప్తాడు. పంపలేదంటే, తన అకౌంట్ పోయిన సంగతి అతనికి మీ ఫోన్ వల్లే తెలియొచ్చు.

ఈలోపు లింక్‌ని నొక్కకుండా చదవండి. ఉదాహరణకు:

```
https://drive.google.com.photos-view.example/login
```

`google.com` కనబడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. మీరు మాత్రం `https://` తర్వాత వచ్చే మొదటి `/` దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. చివరి రెండు ముక్కలు `photos-view.example`. సైట్ ఆ పేరు కొన్నవాళ్లది. ముందున్న `drive.google.com` వాళ్లు తగిలించుకున్నదే, గూగుల్‌కి దానితో సంబంధం లేదు. `.co.uk` లాంటి తోక ఉంటే మూడు ముక్కలు చూడాలి. లింక్ కింద కనబడే బొమ్మ, శీర్షిక ఆ సైట్ పెట్టుకున్నవే కాబట్టి వాటిని నమ్మొద్దు. తాళం గుర్తు కూడా అంతే, దొంగ సైట్లకీ ఉంటుంది. కుదించిన లింక్ అయితే అసలు అడ్రస్ కనబడదు కాబట్టి, ఫోన్‌లో మాట్లాడేదాకా ఆగడమే మంచిది.

అప్పటికే తెరిచేశారా? కంగారు పడకండి. ఫోన్‌లో అప్‌డేట్‌లన్నీ వేసుకుని ఉండి, మీరు ఏమీ టైప్ చేయకుండా, ఏమీ డౌన్‌లోడ్ చేయకుండా ఉంటే పేజీ మూసేస్తే మామూలుగా సరిపోతుంది. లాగిన్ అడిగితే మాత్రం అక్కడే ఆగిపోండి. రోజూ పాస్‌వర్డ్ తనే నింపే బ్రౌజర్ ఈసారి ఖాళీగా వదిలేసిందంటే, అడ్రస్ వేరేదని దానికి తెలిసిపోయి ఉండొచ్చు.

ఆ పేజీలో పాస్‌వర్డ్ టైప్ చేసేసి ఉంటే, ఆ లింక్ ద్వారా కాకుండా అసలు యాప్‌లోకి వెళ్లి వెంటనే మార్చండి. సెట్టింగ్స్‌లో మిగతా డివైజ్‌లన్నిటి నుంచీ లాగౌట్ చేయండి, లేకపోతే లోపలికి వచ్చినవాళ్లు అలాగే ఉండిపోయే అవకాశం ఉంది. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చాలి. కార్డు వివరాలో ఓటీపీయో ఇచ్చి ఉంటే మొదటి ఫోన్ బ్యాంకుకే. చివర `.apk` ఉన్న ఫైల్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేయండి. అది తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో దానికున్న యాక్సెసిబిలిటీ, డివైజ్ అడ్మిన్ అనుమతులు రద్దు చేసి మళ్లీ ప్రయత్నించండి. పాస్‌వర్డ్‌లు మార్చే పని ఆ ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లో చేయండి.